ఎన్‌వీఎమ్‌ఈ వేసినా కాపీ మధ్యలో నెమ్మదిస్తోందా?

సమస్య: కొత్త ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవ్‌లోకి పెద్ద వీడియో ఫోల్డర్ కాపీ పెడితే మొదట సెకనుకు 2,000 ఎంబీ చూపిస్తుంది. కాసేపటికి 100కి పడిపోయి అక్కడే ఉండిపోతుంది.

డ్రైవ్ పాడైందనుకునే ముందు ఫైళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. దయచేసి ఇది వదిలేయొద్దు, చాలామంది వదిలేసేది ఇదే. Task Manager లో Performance తెరిచి, ఏ డిస్క్ 100% దగ్గర ఉందో గమనించండి. అది పాత హార్డ్‌డిస్క్ అయితే, దాని నుంచి వచ్చేదే సెకనుకు 150-200 ఎంబీ. ఎన్‌వీఎమ్‌ఈ ఏమీ చేయలేదు. కానీ అప్పుడు వేగం మొదటి నుంచీ తక్కువగానే ఉంటుంది.

వేగంగా మొదలై మధ్యలో పడిపోతే అసలు కారణం వేరు, డబ్బా మీద పెద్దక్షరాల్లో కనపడనిది. చవక డ్రైవ్‌లలో చాలావాటికి క్యూఎల్‌సీ మెమరీ ఉంటుంది. ఒక్కో సెల్‌లో 4 బిట్లు ఇరికించి రాయడం దానికి నిదానమైన పని. అందుకని ఖాళీ సెల్స్‌లో ముందు ఒక్కో బిట్ చొప్పున గబగబా రాసేసి, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటుంది. ఈ తాత్కాలిక చోటునే క్యాష్ అంటారు. ఒక్కో బిట్ చొప్పున రాస్తే నాలుగింతల చోటు పడుతుంది కాబట్టి డ్రైవ్ నిండేకొద్దీ క్యాష్ కుంచించుకుపోతుంది.

లెక్క చూడండి. 1 టీబీ డ్రైవ్‌లో 120 జీబీ ఖాళీ ఉంటే క్యాష్ మహా అయితే 30 జీబీ. మీరు 80 జీబీ కాపీ పెట్టారు. మొదటి 30 జీబీ సెకన్లలో అయిపోతుంది. మిగతా 50 జీబీ సెకనుకు 100 ఎంబీ చొప్పున ఎనిమిది నిమిషాల పైనే పడుతుంది. ఈ 50 జీబీని హార్డ్‌డిస్క్ అయినా ఇంతకంటే త్వరగా ముగించేది!

పరిష్కారం: కాపీ ఆపి, కంప్యూటర్ ఆన్‌లోనే ఉంచి కాసేపు డ్రైవ్‌కు ఏ పనీ చెప్పకుండా వదలండి. మళ్లీ మొదలుపెడితే వేగం తిరిగొస్తుంది. ఎప్పుడూ నాలుగో వంతు ఖాళీ ఉంచండి. చెరిపిన ఫైళ్ల చోటు డ్రైవ్‌కు తెలుస్తోందో లేదో, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన Command Prompt లో ఇలా చూడండి:

```
fsutil behavior query DisableDeleteNotify
```

NTFS పక్కన 0 వస్తే అంతా సరిగ్గానే ఉంది.

ఇంకా కొనకపోతే, విండోస్, ప్రోగ్రాములు, ప్రస్తుతం ఎడిట్ చేస్తున్న పని కోసం, ఒక్కో సెల్‌లో 3 బిట్లే రాసే టీఎల్‌సీ ఎన్‌వీఎమ్‌ఈ తీసుకోండి. చిన్నదైనా ఫర్వాలేదు. దానిలోనూ క్యాష్ నిండుతుంది, కానీ పతనం ఇంత ఘోరంగా ఉండదు. పూర్తయిన వీడియోలు, ఫొటోలు హార్డ్‌డిస్క్‌లోకి పంపండి. ఎం.2 స్లాట్ లేని పాత కంప్యూటర్‌కి సాటా ఎస్‌ఎస్‌డీ చాలు. సెకనుకు 560 ఎంబీ దాటకపోయినా విండోస్ తెరుచుకోవడంలో ఎన్‌వీఎమ్‌ఈకీ దానికీ తేడా పెద్దగా తెలియదు.

డ్రైవ్ వేడెక్కడం, ఫైళ్లు వచ్చే హార్డ్‌డిస్క్ కేబుల్ లూజవడం కూడా కారణాలే, కానీ అరుదు. పైవన్నీ చూశాక వాటి జోలికి వెళ్లండి.