బండి పాలసీ రెన్యూవల్‌కు డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

ఆర్‌సీ, పాలసీ, డ్రైవింగ్ లైసెన్సు మూడూ పక్కపక్కన పెట్టుకోండి. బండి ఓనరే నడుపుతూ ప్రమాదంలో పడితే వర్తించే ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా 15 లక్షలు. అది వర్తించాలంటే ఆర్‌సీలో ఉన్న పేరే పాలసీలో ఉండాలి, ఆ మనిషికి ఆ రకం బండికి చెల్లే లైసెన్సు ఉండాలి. సెకండ్‌హ్యాండ్ బండ్లలో గొడవంతా ఇక్కడే వస్తుంది. నామినీ పేరు కూడా చూడండి.

బండి నాన్న పేరు మీద ఉంది, కొడుకు నడుపుతున్నాడు, వెనక అమ్మ కూర్చుంది. గుంతలో పడి జారారు, ఎదుటి బండి లేదు. కొడుకు ఓనర్ కాడు కాబట్టి ఆ 15 లక్షలు అతనికి రావు. అమ్మకూ అందులో వాటా లేదు. ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే అయితే వెనక కూర్చున్నవారికి పరిహారం దొరకడమూ కష్టమే. అందుకే ఇంట్లో నలుగురూ వాడే బండికి ప్రయాణికుల ప్రమాద కవర్ విడిగా అడగండి. జీతం డ్రైవరుంటే అతనికి మరొకటి కావాలి. ప్రయాణికుల కవర్‌లో తలకు ఎంత మొత్తం, ఎన్ని సీట్లకు అన్నది పాలసీ కాగితంలో ప్రీమియంతో సహా కనిపించాలి. ఏజెంటు నోటిమాట చాలదు.

నాన్నే నడిపినా, కాలు విరిగి అతుక్కుంటే ఓనర్ డ్రైవర్ కవర్ కింద ఏమీ రాదు. మరణానికి పూర్తి మొత్తం, ఒక కన్ను పోతే సగం, అంటే ఏడున్నర లక్షలు. ఆసుపత్రి ఖర్చుకు ఆరోగ్య బీమా వేరే ఉండాల్సిందే. తాగి నడిపితే ఓనర్ డ్రైవర్ కవర్ డబ్బూ రాదు.

ఒకే మనిషి పేరు మీద రెండు బండ్లుంటే ఓనర్ డ్రైవర్ కవర్ రెండుసార్లు కొనక్కర్లేదు. విడి పాలసీ ఒకటి తీసుకుని, రెండో రెన్యూవల్‌లో దాని వివరాలు చూపండి.