పాలపుంత మ్యాపులో ఒకే మేఘం రెండు దూరాల్లో కనిపిస్తే: కారణం, పరిష్కారం

పాలపుంత లోపల కూర్చుని దాని సర్పిల భుజాల మ్యాపు గీయాలంటే, ప్రతి వస్తువూ ఏ దిక్కున ఉందో, ఎంత దూరంలో ఉందో తెలియాలి. దిక్కు సులువుగానే తెలుస్తుంది. తేడాలన్నీ దూరంలోనే వస్తాయి.

లక్షణం: రెండు పద్ధతులు, రెండు దూరాలు

పెర్సియస్ భుజంలో డబ్ల్యూ3ఓహెచ్ అనే వాయు మేఘంలో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. దాని వేగాన్ని బట్టి లెక్కేస్తే దూరం సుమారు 14,000 కాంతి సంవత్సరాలని వచ్చేది. అదే ప్రాంతంలోని నక్షత్రాల ప్రకాశాన్ని బట్టి చూస్తే దాదాపు 7,000 మాత్రమే. అంటే భుజం గీత ఎక్కడ గీయాలన్నదే రెట్టింపు తేడాతో ఆగిపోయింది.

కారణం

ధూళి అడ్డు రావడంతో మామూలు కాంతితో పాలపుంతలో చాలా దూరం చూడలేం. హైడ్రోజన్ వెలువరించే 21 సెంటీమీటర్ల రేడియో తరంగం ఆ ధూళిని దాటుకుని వస్తుంది. దాన్ని 1951లో మొదటిసారి పట్టుకున్నారు, 1958 నాటికి మ్యాపు గీశారు. రేడియో సంకేతంలోని డాప్లర్ మార్పు, మేఘం మన వైపు వస్తోందో దూరంగా పోతోందో, ఎంత వేగంతోనో చెబుతుంది. దూరం మాత్రం చెప్పదు. అందుకని ఒక ఊహ కలిపారు: కేంద్రం చుట్టూ అన్నీ గుండ్రంగా, తెలిసిన వేగంతో తిరుగుతున్నాయి. అప్పుడు ఒక దిక్కున ఒక వేగం కనిపిస్తే దూరం లెక్కకు వస్తుంది.

డబ్ల్యూ3ఓహెచ్ సెకనుకు దాదాపు 45 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తున్నట్టు కనిపిస్తుంది. ఊహ నిజమైతే 14,000 సరైనదే. కానీ ఆ మేఘం గుండ్రని దారి తప్పి, సెకనుకు 20 కిలోమీటర్లకు పైగా వేగంతో, ఎక్కువగా కేంద్రం వైపు కదులుతోంది. ఆ అదనపు వేగాన్ని లెక్క దూరంగా మార్చేసింది.

పరిష్కారం: వేగాన్ని వదిలి కోణాన్ని కొలవండి

వేలు కళ్ల ముందు పెట్టుకుని ఒక్కో కన్ను మూస్తే వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది కదా. పారలాక్స్ అంటే అదే. ఇక్కడ రెండు కళ్లు, ఆరు నెలల తేడాతో సూర్యుడికి రెండు వైపులా ఉండే భూమి స్థానాలు. చూసేది మేసర్లను. ఇవి కొత్త నక్షత్రాల దగ్గర నీటి ఆవిరి, మిథనాల్ అణువులు రేడియోలో చాలా ప్రకాశంగా మెరిసే చుక్కలు. వెనక కదలకుండా ఉన్న గుర్తుగా, ఎంతో దూరపు గెలాక్సీ కేంద్రంలో వెలిగే ఒక క్వేసార్‌ను తీసుకుంటారు.

హవాయి నుంచి కరీబియన్ దాకా 8,000 కిలోమీటర్ల మేర పరచిన వీఎల్‌బీఏ అనే రేడియో టెలిస్కోపుకున్న 10 యాంటెన్నాలతో ఏడాది పొడవునా పలుమార్లు చూశారు. 2006లో వెలువడిన ఫలితం ప్రకారం పారలాక్స్ 0.512 మిల్లీ ఆర్క్‌సెకన్లు. ఒక మిల్లీ ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 36 లక్షల వంతు. ఆ కోణం p నుంచి దూరం d తీసే సూత్రం చిన్నదే:

```
d = 1/p = 1/0.512 = 1.95 kpc
```

ఇక్కడ kpc అంటే కిలోపార్సెక్, దాదాపు 3,260 కాంతి సంవత్సరాలు. కాబట్టి దూరం సుమారు 6,400 కాంతి సంవత్సరాలు. నక్షత్రాల ప్రకాశం చెప్పిందే దాదాపు నిజమైంది. పెర్సియస్ భుజం మనకు చాలా దగ్గరికి వచ్చేసింది! పాలపుంత లెక్కల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన కొలత ఇది.

ఈ కొలత కూడా తప్పవచ్చు. గాలిలోని తేమ రేడియో తరంగాన్ని ఆలస్యం చేసి చుక్కను పక్కకు జరిపినట్టు చూపిస్తుంది. అందుకే ఆకాశంలో పక్కపక్కనే ఉన్న క్వేసార్‌నూ మేసర్‌నూ మార్చి మార్చి చూస్తారు. కొలత సరైనదైతే, చుక్క నిలకడగా జరిగే జరుగుడు తీసేశాక మిగిలిన ఊగుడు కచ్చితంగా ఏడాదికి ఒకసారి, భూమి కక్ష్యకు తగినట్టుగా రావాలి. అదే మేఘంలోని వేరే చుక్కలు కూడా అదే జవాబివ్వాలి.

లక్షణం: ఒకే వేగానికి రెండు చోట్లు

సూర్యుడి కక్ష్యకు లోపల చూపు గీత ఒకే వృత్తాన్ని రెండు చోట్ల దాటుతుంది, దగ్గర ఒకటి, దూరం ఒకటి. రెండు చోట్లా వేగం ఒకటే. పారలాక్స్ అందుబాటులో లేకపోతే, మేఘంలోని చల్లని హైడ్రోజన్ తన వెనకున్న హైడ్రోజన్ వెలుగును మింగుతోందా అని చూస్తారు. దగ్గరి చోట ఉంటే, దూరపు చోటి హైడ్రోజన్ అదే వేగంతో వెనక వెలుగుతూ ఉంటుంది కాబట్టి సంకేతంలో గుంట పడుతుంది. గుంట లేకపోతే దూరపు చోట ఉండే అవకాశం ఎక్కువ.

లక్షణం: కేంద్రం వెనక వైపు మ్యాపు ఖాళీ

కేంద్రం వైపు చూసినప్పుడు గుండ్రని తిరుగుడు మన చూపుకు అడ్డంగా ఉంటుంది, వేగం సున్నాకు దగ్గరగా వస్తుంది. వేగంతో దూరం తీసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. పారలాక్స్ కూడా దూరం పెరిగేకొద్దీ చిన్నదైపోతుంది. అయినా 2017లో ఒక మేసర్‌ను సుమారు 66,000 కాంతి సంవత్సరాల దూరంలో, కేంద్రానికి అవతల కొలవగలిగారు. పారలాక్స్‌తో పాటు, అది ఆకాశంలో అడ్డంగా ఎంత జరిగిందన్నది కూడా దూరాన్ని సరిచూడటానికి పనికొచ్చింది. మేసర్ కొలతలు ఎక్కువగా ఉత్తరార్ధగోళంలోని యాంటెన్నాలతో జరిగాయి. అందుకే దక్షిణాకాశంలో మాత్రమే కనిపించే భాగంలో, ఇప్పటి మ్యాపుల్లో భుజాల గీతలు చాలాచోట్ల కొలిచినవి కావు, ఊహించి పొడిగించినవి.