రిస్కు బాండ్లు, 4వ భాగం: స్ప్రెడ్ 4 శాతం ఉంటే మునిగే అవకాశం ఎంత?

పోయిన భాగంలో స్ప్రెడ్ తీయడం వరకు వచ్చాం. ఏడాది గడువున్న కంపెనీ బాండు మీద 11 శాతం, 364 రోజుల ట్రెజరీ బిల్లు మీద 7 శాతం వస్తోందనుకోండి (లెక్క కోసం పెట్టుకున్న అంకెలే), తేడా 4 శాతం. ఇక్కడే చాలామంది "అయితే మునిగే అవకాశం నూటికి నాలుగు" అనేస్తారు. మిర్యాలగూడలో మా బాపు ముందు నేనూ అట్లనే అన్నాను.

బాపు ఒక రైసు మిల్లు ఆయనకు ప్రోనోటు మీద అప్పిచ్చి ఉన్నాడు. "మిల్లు మూతపడితే అంత పోతదా బిడ్డా? గోదాంల వడ్లుంటయి, మిషన్లుంటయి, నూటికి నలభై అన్న చేతికొస్తది" అన్నాడు. ఆ నలభైనే రికవరీ రేటు.

ఇప్పుడు 100 రూపాయలు బాండులో పెడదాం. కంపెనీ బాగుంటే 111 వస్తాయి, మునిగితే అందులో 40 శాతం, అంటే 44.40. సర్కారుకిస్తే ఏ టెన్షన్ లేకుండా 107. మునిగే అవకాశం p అనుకుని, సగటున రెండూ సమానం కావాలని రాస్తే:

```
(1-p)*111 + p*44.40 = 107
66.60*p = 4
p = 0.06
```

నూటికి ఆరు. మునిగినా కొంత తిరిగి వస్తుంది కాబట్టి, అదే 4 రూపాయల అదనపు వడ్డీ ఎక్కువసార్లు మునగడాన్ని భరించగలదు. తొందరలో ఉంటే స్ప్రెడ్‌ను నష్టపోయే వాటాతో, అంటే 0.60తో భాగిస్తే చాలు, 6.67 వస్తుంది. కొంచెం ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే అసలు నష్టం 60 కాదు, 66.60.

అదే బాండుకు గట్టి తాకట్టు ఉండి రికవరీ 75 శాతం అనుకుంటే నష్టం 27.75కు తగ్గుతుంది, p 14.4 శాతానికి ఎగబాకుతుంది. తాకట్టు వల్ల కంపెనీ మునుగుతుందని కాదు, అంత తాకట్టు ఉండి కూడా మార్కెట్ 4 శాతం అదనంగా అడుగుతోందంటే ఏదో భయం ఉందన్నమాట. అందుకే రికవరీ అంకె చెప్పకుండా ఎవరైనా p చెప్తే నేను నమ్మను.

ఇంకో చిక్కుంది. స్ప్రెడ్ మొత్తం మునిగే భయానికే కాదు. అవసరానికి అమ్ముదామంటే కొనేవాడు దొరకని బాండుకు దాని కోసమే కొంత వడ్డీ ఎక్కువ అడుగుతారు, రిస్కు మోసినందుకు కూలి కూడా అందులోనే ఉంటుంది. ఆ 4లో 1 శాతం అమ్ముడుపోని ఇబ్బందికని తీసేస్తే p 3/66.60, అంటే 4.5 శాతమే. కాబట్టి పైన వచ్చిన 6ను ధరలో దాగిన అంచనాగా చూడండి, వందలో నిజంగా ఆరు కంపెనీలు మునుగుతాయని కాదు.

వచ్చే భాగానికి ముందు ఇది చేసి చూడండి: బాండు 12 శాతం, బిల్లు 7 శాతం, రికవరీ 30 శాతం. 6.4 దగ్గర రావాలి. 7.1 వస్తే 78.40కి బదులు 70తో భాగించినట్టు.