రహస్య సంఖ్యను ఐదు వాటాలుగా పంచే ముందు

ఇంటి దస్తావేజుల స్కాన్లు, పాత ఫొటోలు ఒక హార్డ్ డిస్కులో దాచి, దానికి ఇరవై అంకెల తాళం వేశారనుకుందాం. ఆ సంఖ్య ఒక్కరి దగ్గరే ఉంటే వారితోనే పోవచ్చు. ఐదుగురికీ ఇస్తే, ఐదిళ్లలో ఏ ఒక్క ఇంట్లో దొంగ పడినా చాలు. నాలుగేసి అంకెలు చొప్పున కోసి పంచుదామని చాలామందికి తోస్తుంది. అది మంచిది కాదు. నలుగురు కలిస్తే మిగిలేవి నాలుగు అంకెలే కాబట్టి, పదివేల ప్రయత్నాల్లో తాళం తెరుచుకుంటుంది.

దీనికి సరైన పద్ధతిని 1979లో గూఢలిపి శాస్త్రవేత్త ఆది షమీర్ చెప్పారు. రహస్యాన్ని ఒక బహుపదిలో స్థిర పదంగా పెట్టి, మిగతా గుణకాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఆ వక్రరేఖ మీది ఒక్కో బిందువును ఒక్కొక్కరికి ఇస్తాం. ఐదుగురిలో ఏ ముగ్గురు కలిసినా రహస్యం రావాలంటే రెండో ఘాతపు బహుపది కావాలి, ఎందుకంటే మూడు బిందువులు తెలిస్తే అలాంటి రేఖ ఒక్కటే ఉంటుంది. గణితం సులువే. తప్పులు జరిగేది పంచేటప్పుడు, దాచేటప్పుడు, మళ్లీ కలిపేటప్పుడు. అందుకే ముందు ఒక చిన్న లెక్క చేతితో చేసి చూడమంటాను.

రహస్యం 42 అనుకుందాం. లెక్కంతా 97 అనే ప్రధాన సంఖ్యతో భాగించి శేషం మీద నడుపుదాం. 61, 15 యాదృచ్ఛికంగా వచ్చిన గుణకాలు.

```
f(x) = 42 + 61x + 15x^2  (mod 97)
f(1)=21  f(2)=30  f(3)=69  f(4)=41  f(5)=43
```

1, 2, 3 నంబర్ల వాళ్లు కలిస్తే, బిందువుల నుంచి స్థిర పదాన్ని తిరిగి రాబట్టే లెగ్రాంజ్ సూత్రం వారి వాటాలను గుణించడానికి 3, −3, 1 అనే భారాలు ఇస్తుంది. 3×21 − 3×30 + 69 = 42, అదే మన రహస్యం. మొదటి ఇద్దరే కలిస్తే? రహస్యం s అయితే మూడో వాటా s + 27 కావాలని మాత్రమే తెలుస్తుంది. 42 అయితే 69, 50 అయితే 77. 0 నుంచి 96 దాకా ప్రతి సంఖ్యకూ సరిపోయే మూడో వాటా ఉంది కాబట్టి ఇద్దరికీ ఏమీ తెలియనట్టే. ఈ పద్ధతి బలం పూర్తిగా ఇక్కడే ఉంది, దాన్ని పోగొట్టుకోకుండా చూడటమే మన పని.

శేషం తీసుకోకుండా మామూలు సంఖ్యలతో లెక్క చేసేవాళ్లను చూశాను. ఎంత నష్టమో గమనించండి. 97తో భాగించకపోతే నాలుగో వాటా 526, ఐదోది 722. నాలుగో వాటాలో 42 తప్ప మిగతా పదాలన్నీ 4 గుణిజాలే. అందువల్ల 526ను 4తో భాగిస్తే వచ్చే శేషం 2, రహస్యాన్ని భాగించినా వచ్చేదే. అలాగే ఐదో వాటా రహస్యానికి 5తో వచ్చే శేషాన్ని చెప్పేస్తుంది. అదీ 2. ఈ ఇద్దరే కలిస్తే 97 లోపు మిగిలేవి 2, 22, 42, 62, 82 అనే ఐదు సంఖ్యలు. ముగ్గురు లేనిదే ఏమీ తెలియకూడదని పెట్టిన ఏర్పాటు ఇద్దరితోనే దాదాపు కూలిపోయింది.

ప్రధాన సంఖ్య రహస్యం కన్నా పెద్దదిగా ఉండాలి. 139ని దాచి 97తో నడిపితే చివరకు వచ్చేది 42, ఏ హెచ్చరికా రాదు. ఇక 97 మన చేతిలెక్కకే. నిజమైన ఇరవై అంకెల సంఖ్యకు 2^127 − 1 లాంటి ప్రధాన సంఖ్య తీసుకోవాలి. గుణకాలను మనసుకు తోచినట్టు ఎంచుకోకండి, పుట్టినరోజులు అసలే వద్దు. పైథాన్‌లో రాస్తుంటే `random` కాదు, `secrets.randbelow` వాడాలి. ఇంకో రహస్యం పంచాల్సి వస్తే గుణకాలు మళ్లీ కొత్తగా తీయాలి. పాతవే వాడితే, ఒక మనిషి తన రెండు వాటాలను తీసివేసి రెండు రహస్యాల తేడా తెలుసుకోగలరు.

వాటాల నంబర్లు 1 నుంచి మొదలవ్వాలి. ప్రోగ్రాముల్లో లెక్క సున్నా నుంచి మొదలుపెట్టడం అలవాటు, కానీ f(0) అంటే రహస్యమే. పొరపాటున మొదటి మనిషికి వాటా పేరుతో రహస్యాన్నే ఇచ్చేసినట్టు అవుతుంది. పంచే ముందు ఐదు వాటాల్లో ఏదైనా సున్నా నంబరుతో ఉందేమో కళ్లతో చూసుకోండి.

నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది రాతలో దొర్లే తప్పు గురించి. నేను మొదటిసారి వాటాలు పంచినప్పుడు మా అక్క డైరీలో 69కి బదులు 96 అని ఎక్కింది. మూడు వాటాలు కలిపితే 63 − 90 + 96 = 69 వచ్చింది. లెక్క ఆగలేదు, తప్పని చెప్పలేదు. ఏ మూడు బిందువుల గుండా అయినా ఏదో ఒక రేఖ వెళ్తుంది కదా! అసలు సంఖ్యను చింపేయకముందే సరిచూశాం కాబట్టి బయటపడ్డాం. అలాంటి తప్పును పట్టుకోవాలంటే నాలుగో వాటా కావాలి. 2, 3, 4 నంబర్ల భారాలు 6, −8, 3. 6×30 − 8×96 + 3×41 = −465, దానికి 97 గుణిజమైన 485 కలిపితే శేషం 20. ఒక కలయికలో 69, ఇంకో కలయికలో 20 వచ్చాయంటే ఎవరిదో వాటా తప్పు. ఎవరిదో తేల్చాలంటే ఐదూ ఉండాలి. తప్పుగా ఉన్నది ఒక్కటే అయితే, మిగతా నలుగురూ ఒకే రేఖ మీద ఉంటారు.

కాబట్టి కాగితం మీద వాటా అంకెలే కాక దాని నంబరు, వాడిన ప్రధాన సంఖ్య, ఎంతమంది కలవాలి అనే మూడూ రాయండి. వీటిలో దాచాల్సింది ఏదీ లేదు. వాటా పక్కన అక్షరాల్లో కూడా రాస్తే 69, 96 తారుమారు కావు. తర్వాత ఐదు కాగితాలనూ తిరిగి చదివి, 1-2-3, 2-3-4, 3-4-5 కలిపి చూసి, మూడుసార్లూ అసలు సంఖ్యే వస్తేనే దాన్ని నాశనం చేయండి. కాపీ కొట్టిన ఫైలుతో కాదు, ఆ కాగితాలతోనే ఈ పరీక్ష జరగాలి.

కలిపే రోజున జాగ్రత్త ఇంకొకటి ఉంది. మొదటి ఇద్దరూ తమ అంకెలు ముందే చెప్పేస్తే, మూడో మనిషి 69కి బదులు 79 అని చెప్పవచ్చు. అందరికీ 52 వస్తుంది, ఆయన మాత్రం పది తీసేసి 42 తెలుసుకుంటాడు. అందరూ రాసి బోర్లా పెట్టి, ఒకేసారి తిప్పడం మేలు. కలిపే కంప్యూటర్‌కు ఆ క్షణంలో రహస్యం పూర్తిగా తెలుస్తుంది కాబట్టి దాన్ని ఇంటర్నెట్టుకు కలపకండి.

ఒకరిని తప్పించి ఇంకొకరికి వాటా ఇవ్వాల్సి వస్తే, కొత్త బహుపది తీసి పంచినంత మాత్రాన పాత కాగితాలు చెల్లకుండా పోవు. పాత వాటాలు ఏ ముగ్గురి దగ్గర ఉన్నా ఆ రహస్యం వచ్చేస్తుంది. అవన్నీ వెనక్కి వచ్చాయని నమ్మకం లేకపోతే డిస్కు తాళాన్నే మార్చి, ఆ కొత్త సంఖ్యను మళ్లీ మొదటి నుంచి పంచాలి.