హీప్‌లు నేర్చుకుందాం – 6వ భాగం: ఫిబొనాచ్చి హీప్ ఎందుకు ఓడిపోతుంది?

గత భాగంలో బైనరీ హీప్‌తో, అతి తక్కువ దూరపు దారి వెతికే డైక్‌స్ట్రా రాశాం. ఈసారి 1984లో ఫ్రెడ్‌మన్, టార్జన్ కనిపెట్టిన ఫిబొనాచ్చి హీప్ చూద్దాం. లెక్క ప్రకారం ఇది బైనరీ హీప్ కంటే మేలు. అయినా దీన్ని వాడేవాళ్లు అరుదు. కారణం తెలియాలంటే ముందు ఒకసారి చేత్తో నడిపి చూడాలి.

నెల్లూరు నుంచి బయల్దేరామనుకోండి. ఊరి పేరు పక్కన నిమిషాలు వేస్తున్నాను, అవి పాఠం కోసం వేసుకున్న అంకెలే: కోవూరు 15, గూడూరు 45, పొదలకూరు 50, ఆత్మకూరు 80, కావలి 60. ఫిబొనాచ్చి హీప్‌లో చేర్చడమంటే రూట్ల జాబితాలో ఒక నోడ్ తగిలించి, అతి చిన్నదేదో గుర్తుపెట్టుకోవడమే. పోల్చి సర్దే పని ఏదీ ఉండదు. కళ్లంలో బస్తాలు ఎక్కడ దించితే అక్కడే వదిలేసి, లెక్క అడిగిన రోజు పేర్చుకున్నట్టు. రెండు హీప్‌లు కలపడమూ అంతే, రెండు జాబితాలకు ముడి వేస్తే అయిపోతుంది.

ఇప్పుడు అతి చిన్నదాన్ని తీయాలి. కోవూరు పోయింది, నాలుగు విడి రూట్లు మిగిలాయి. వాయిదా వేసిన పని ఇక్కడ మీద పడుతుంది. ఒకే సంఖ్యలో పిల్లలున్న రెండు రూట్లు ఎదురైతే పెద్ద విలువ ఉన్నది చిన్నదాని కింద చేరాలి. గూడూరు కింద పొదలకూరు చేరింది. ఆత్మకూరు, కావలి ఎదురుపడితే కావలి కింద ఆత్మకూరు చేరింది. ఇప్పుడు గూడూరుకూ కావలికీ చెరొక పిల్ల ఉంది కాబట్టి కావలి వెళ్లి గూడూరు కింద చేరింది. చివరికి ఒకే చెట్టు మిగిలింది.

కోవూరు నుంచి సంగం మీదుగా వెళ్తే ఆత్మకూరుకు 55 నిమిషాలే పడుతుందని తేలిందనుకుందాం. విలువ తగ్గించాలి, అంటే డిక్రీజ్-కీ. 55 తన పైనున్న కావలి 60 కంటే చిన్నది. కాబట్టి ఆత్మకూరును తెంచి రూట్ల జాబితాలో పడేస్తాం. ఒక పిల్లను పోగొట్టుకున్న కావలికి మార్క్ పెడతాం. మార్క్ ఉన్న నోడ్ మళ్లీ పిల్లను పోగొట్టుకుంటే దాన్నీ తెంచి పైకి పంపాలి. ఈ నియమం లేకపోతే చెట్లు బక్కచిక్కిపోయి తీసే పని ఖరీదవుతుంది. నియమం ఉంటే k పిల్లలున్న నోడ్ కింద, తనతో కలిపి, కనీసం F(k+2) నోడ్లుంటాయి, ఇక్కడ F అంటే ఫిబొనాచ్చి సంఖ్య. హీప్‌కు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. వరుసగా చేసే పనులన్నిటి మీద సగటున డిక్రీజ్-కీ O(1), తీయడం O(log n). ఈ ఆలోచన అందంగా ఉందని ఒప్పుకోవాల్సిందే.

అవే ఊళ్లను అదే వరుసలో బైనరీ హీప్‌లో వేసి కోవూరును తీస్తే అర్రే 45, 60, 50, 80 అవుతుంది. 80ని 55 చేస్తే పైనున్న 60తో ఒక్కసారి మార్చుకుంటుంది, 45 దగ్గర ఆగిపోతుంది. అంతే పని. పది లక్షల నోడ్లున్నా ఎత్తు 20 అంతస్తులే, అందులోనూ విలువ తగ్గిన నోడ్ సాధారణంగా పైదాకా వెళ్లదు.

అసలు తేడా మెమరీలో ఉంది. ఫిబొనాచ్చి నోడ్‌కు తల్లి, పిల్ల, ఎడమ, కుడి అని నాలుగు పాయింటర్లు కావాలి. 64 బిట్ మెషీన్‌లో వాటికే 32 బైట్లు. ఆపై పిల్లల సంఖ్య, మార్క్, విలువ. ఆ నోడ్లు మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి ఒక్కో పాయింటర్ పట్టుకుని వెళ్లినప్పుడల్లా క్యాష్ మిస్ అయ్యే ప్రమాదం ఉంది. బైనరీ హీప్‌లో విలువ, నోడ్ నంబర్ కలిపి 16 బైట్లు. 64 బైట్ల క్యాష్ లైన్‌లో నాలుగు పడతాయి.

పైగా ఆ O(1), O(log n) రెండూ సగటు మాటలే. పది లక్షలు చేర్చి మొదటిసారి తీస్తే ఆ ఒక్క పిలుపే జాబితా అంతా తిరుగుతుంది. జవాబు వెంటనే రావాల్సిన చోట ఇది టెన్షనే.

ఇంకో సంగతి, డైక్‌స్ట్రాకు డిక్రీజ్-కీ లేకపోయినా నడుస్తుంది. పైథాన్ `heapq`లో ఆ ఫంక్షనే లేదు. కొత్త దూరం వస్తే ఇంకో జత తోసేసి, పాతది బయటికొచ్చినప్పుడు వదిలేస్తాం:

```python
d, u = heapq.heappop(h)
if d > dist[u]:
    continue
```

దీంతో హీప్ కొంచెం ఉబ్బుతుంది. కానీ రోడ్ల మ్యాపులో ఒక్కో కూడలికి తగిలే దారులు మూడో నాలుగో. ఒకే ఊరి విలువ పదేపదే తగ్గే సందర్భమే తక్కువ. చౌకగా దొరికిన పనిని ఎవరూ అడగకపోతే దాని చౌకతనం దేనికి?

ప్రతి నోడ్ నుంచి వందలాది అంచులుండి, విలువలు మాటిమాటికీ తగ్గే దట్టమైన గ్రాఫ్‌లో ఫిబొనాచ్చికి అవకాశం ఉంది. అక్కడ కూడా ముందు ఒక్కో నోడ్‌కు నలుగురు పిల్లలుండే హీప్‌నో, పెయిరింగ్ హీప్‌నో పరీక్షించమంటాను. రెండూ రాయడం చాలా తేలిక.

అభ్యాసం: మీ డైక్‌స్ట్రాలో రెండు కౌంటర్లు పెట్టండి. ఒకటి హీప్ నుంచి తీసిన ప్రతిసారీ పెరగాలి, కానీ వదిలేసే పాత జతలను లెక్కించకూడదు; రెండోది ఇప్పటికే హీప్‌లో ఉన్న నోడ్ దూరం తగ్గినప్పుడు పెరగాలి. రెండోది మొదటిదాన్ని ఎన్నో రెట్లు మించితేనే ఫిబొనాచ్చి సంగతి ఆలోచించండి. వచ్చే భాగంలో పెయిరింగ్ హీప్ రాద్దాం, ఈ కౌంటర్లు అప్పుడు మళ్లీ కావాలి.