ప్రెషర్ పంపు పాఠాలు – 4: గాలి కొలిచే ముందు నీళ్లు వదలండి

పోయిన పాఠంలో ప్రెషర్ పంపుకి తగిలించి ఉండే చిన్న ట్యాంకులో గాలి చూసుకోమని రాశాను. నీళ్లన్నీ వదిలేశాక చూడాలన్న ముక్క మాత్రం రాయలేదు, అది తెలిసిందేలే అనుకున్నాను. తప్పు నాదే. వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. కాబట్టి ఈసారి ముందు గాలి సంగతి, ఆ తర్వాతే మోటారుని ఆన్, ఆఫ్ చేసే ప్రెషర్ స్విచ్చి.

కావలి నుంచి ఫోన్ చేసినాయన ఇంట్లో సంపు మీద 1 హెచ్‌పీ మోటారు, 24 లీటర్ల ట్యాంకు ఉన్నాయి. ప్రెషర్ 1.5 కేజీకి పడితే మోటారు ఆన్ అవుతుంది (అది కటిన్), 3 కేజీలకు చేరితే ఆఫ్ అవుతుంది (అది కటౌట్). మెయిన్ ఆపి, గాలి వాల్వుకి బైకు టైర్ల గేజీ పెడితే 37 పీఎస్ఐ చూపించిందట. "నువ్వు 19 ఉండాలన్నావు కదన్నా, ఇదేంది రెండింతలుంది" అని పిన్ను నొక్కి 19 వచ్చేదాకా గాలి వదిలేశారు. అప్పట్నుంచి మోటారు ఇదివరకటి కంటే ఎక్కువసార్లు కొడుతోంది.

ట్యాంకు లోపల రబ్బరు సంచి ఉంటుంది. సంచిలో నీళ్లు, బయట గాలి. సంచిలో నీళ్లున్నంతసేపూ రెండు వైపులా ప్రెషర్ ఒకటే. అంటే ఆయన గేజీ చూపించిన 37 మనం నింపిన గాలిది కాదు, పైపులో నీళ్ల ప్రెషర్. కేజీల్లో అది 2.6. ఆయన ట్యాంకులో గాలి మొదట సరిగ్గానే ఉంది.

ఆయన ఎంత పోగొట్టుకున్నారో లెక్క వేద్దాం. కేజీల్లో గేజీ రీడింగుకి 1 కలిపి గాలి ఉన్న జాగాతో గుణిస్తే, గాలి పోనంతవరకు వచ్చే సంఖ్య మారదు. ఖాళీ ట్యాంకులో గాలి ప్రెషర్ 19 పీఎస్ఐ, అంటే 1.3 కేజీలు ఉంటే 24 × 2.3, సుమారు 55. కటిన్ దగ్గర దాన్ని 2.5తో భాగిస్తే గాలికి 22 లీటర్ల జాగా, కటౌట్ దగ్గర 4తో భాగిస్తే 14 లీటర్లు. తేడా 8 లీటర్ల పైచిలుకు. మోటారు ఆన్ కాకుండా మీకు వచ్చే నీళ్లు అవే. ఆయన గాలి వదిలేటప్పుడు 2.6 కేజీల దగ్గర గాలికున్న జాగా 55ని 3.6తో భాగిస్తే 15 లీటర్ల పైచిలుకు. ప్రెషర్ 1.3కి దించాక దాన్ని 2.3తో గుణించాలి, అంటే ఆ 55 కాస్తా 35 అయింది. ఇప్పుడు వచ్చేది 5 లీటర్లు చిల్లర. నిమిషానికి 6 లీటర్లు పోసే కుళాయి కింద మోటారుకి 80 సెకన్ల పైన దొరికే విశ్రాంతి 50 సెకన్లకు పడిపోయింది. మోటారు ఆన్ అయిన ప్రతిసారీ మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. వైండింగు వేడెక్కేదీ, స్విచ్చి పాయింట్లు మాడేదీ అక్కడే.

ఇంకొకాయన మెయిన్ ఆపకుండానే గాలి వదిలారు. ప్రెషర్ 1.5కి పడగానే మోటారు ఆన్ అయి, పోయిన గాలి జాగాలో నీళ్లు నింపింది. ఆయన పిన్ను వదల్లేదు, మోటారు ఆగలేదు. ఇప్పుడు చెయ్యి కడుక్కుంటే చాలు, టక్ టక్ టక్.

పద్ధతి ఇది. మెయిన్ ఆపండి. ట్యాంకు దగ్గరున్న అడుగు కుళాయి తిప్పి, చుక్క రానంతవరకు తెరిచే ఉంచండి. పంపు మీదున్న గేజీ ముల్లు సున్నాకి రావాలి. కుళాయి తెరిచి ఉండగానే గాలి కొలవండి. కటిన్ కంటే 2 పీఎస్ఐ తక్కువ ఉండాలి: 1.5 కేజీ అంటే 21, కాబట్టి 19. తగ్గితే సైకిల్ పంపు చాలు, నేను కంప్రెసర్ జోలికి పోను. పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్లు చిమ్మాయా, సంచి చిరిగినట్టే, గాలి కొట్టి లాభం లేదు. గాలి మరీ ఎక్కువైతే వేరే గోల: షవర్ కింద నీళ్లు ఠక్కున ఆగిపోయి, ఆ తర్వాత మోటారు ఆన్ అవుతుంది.

ఇక స్విచ్చి. మెయిన్ ఆపకుండా మూత తీయొద్దు. మామూలు రెండు స్ప్రింగుల స్విచ్చిలో పెద్ద స్ప్రింగు నట్టు బిగిస్తే కటిన్, కటౌట్ రెండూ కలిసి పెరుగుతాయి. చిన్నది బిగిస్తే కటౌట్ ఒక్కటే పెరుగుతుంది. ముందు పెద్దదానితో కటిన్ కుదుర్చుకుని, తర్వాతే చిన్నది ముట్టుకోండి. ఒకసారికి అర చుట్టు తిప్పి, మూత పెట్టి, కుళాయి వదిలి గేజీ చూడండి. చిన్న నట్టు అదేపనిగా బిగిస్తే కటౌట్ మోటారుకి అందనంత పైకి పోతుంది. మోటారు ప్లేటు మీద గరిష్ఠ హెడ్, అంటే నీళ్లు ఎక్కించగల ఎత్తు, 40 మీటర్లుంటే అది సుమారు 4 కేజీలు; సంపు లోతు పోగా చేతికొచ్చేది 3.7 కేజీల దాకానే. కటౌట్ 3.8 పెడితే కుళాయిలన్నీ కట్టేసినా మోటారు ఆగదు, లోపలి నీళ్లు కాగిపోతాయి. నేనైతే అర కేజీకి పైనే వదిలేసి 3 దగ్గర ఆపుతాను.

కటిన్ మార్చిన ప్రతిసారీ గాలీ మార్చాలి, మళ్లీ నీళ్లన్నీ వదిలేసి.

అభ్యాసం: మోటారు ఆఫ్ అయ్యాక ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ఒక్కటి మాత్రం తెరిచి, మోటారు టక్‌మనేదాకా బకెట్టులో నీళ్లు పట్టి కొలవండి. పై లెక్కకు సరిపోయిందా? తర్వాత కటిన్ 2, కటౌట్ 3.5 అనుకుని, గాలి 1.3 దగ్గరే వదిలేస్తే ఎన్ని లీటర్లు, 1.8కి పెంచితే ఎన్ని లీటర్లు వస్తాయో కాగితం మీద తేల్చండి. కావలి ఆయన మాత్రం ముందు గాలి పట్టుకుని రావాలి.