కొండ మలుపు డిజైన్ రిపోర్టు – మూడో పాఠం: రెండు బండ్లకు కావలసిన చూపు

ఈ పాఠాన్ని సూపర్ ఎలివేషన్‌తో, అంటే మలుపులో రోడ్డు బయటి అంచును ఎత్తు చేయడంతో మొదలుపెట్టాలనుకున్నాను. కానీ గత అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక క్రమం మార్చక తప్పలేదు. చాలామంది రిపోర్టు చివర ఒకే వాక్యం రాశారు: ‘లోపలి వైపు కొండను తవ్వనవసరం లేదు’. హైదరాబాద్‌లో బల్ల ముందు కూర్చుని రాసిన ఆ వాక్యం పాడేరు కొండల్లో ఇద్దరు డ్రైవర్లను ముఖాముఖి ఢీకొట్టిస్తుంది.

మన మలుపును మరోసారి చూద్దాం. ఇది అభ్యాసం కోసం తీసుకున్న ఊరి రోడ్డు. వ్యాసార్థం 30 మీటర్లు, రోడ్డు దిశ మారే డిఫ్లెక్షన్ కోణం 100 డిగ్రీలు, కాబట్టి మలుపు పొడవు 52 మీటర్లు. వేగం గంటకు 25 కిలోమీటర్లు. తారు వెడల్పు 3.75 మీటర్లు, ఒకే వరుస. కట్ట వెడల్పు 6 మీటర్లు. కొండ లోపలి వైపు, లోయ బయటి వైపు. లోయే లోపల ఉంటే చూపుకు అడ్డేమీ ఉండదు, ఈ లెక్క అవసరమే రాదు.

మీరు తీసుకున్న దృష్టి దూరం 25 మీటర్లు. పట్టికలో ఆ వేగానికి ఆగే దూరం అంతే, అక్కడ తప్పు లేదు. కానీ అది ఒక బండి కదలని అడ్డం ముందు ఆగడానికి సరిపోయే దూరం. ఒకే వరుస రోడ్డులో ఎదురుగా వచ్చే జీపు కూడా మన దారిలోనే వస్తుంది. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి 2.5 సెకన్లు పడుతుందని లెక్క. ఆ లోపే బండి 17.4 మీటర్లు వెళ్తుంది. రెండు బండ్లూ కలిసి దాదాపు 35 మీటర్లు దగ్గరవుతాయి. మీరిచ్చిన చూపు 25 మీటర్లే. అంటే ఇద్దరిలో ఎవరూ బ్రేకు తొక్కకముందే గుద్దుకుంటారు. అందుకే ఆగే దూరానికి రెట్టింపు, 50 మీటర్లు కావాలి. దీన్నే మధ్యస్థ దృష్టి దూరం అంటాం.

ఇప్పుడు కొండ ఎంత వెనక్కి జరగాలో చూడండి. ఒకే వరుస కాబట్టి రోడ్డు మధ్య గీత నుంచే కొలుస్తాం. ఆ గీత నుంచి అడ్డం ఉండాల్సిన దూరం, అంటే సెట్‌బ్యాక్, m; చూపు దూరం S; వ్యాసార్థం R. చూపు దూరం మలుపు పొడవుకు మించనప్పుడే ఈ సూత్రం చెల్లుతుంది.

```
m = R − R cos(S / 2R)      (కోణం రేడియన్లలో)
S = 25 :  m = 2.57 మీ
S = 50 :  m = 9.83 మీ
```

చూపు రెట్టింపయితే తవ్వకం రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. నేను రిపోర్టు ముట్టుకునే ముందు కాగితం మూలలో `S²/8R` వేసుకుంటాను. 10.4 వస్తుంది, కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి భయం లేదు.

మధ్య గీత నుంచి సగం కట్ట 3 మీటర్లు, మలుపు కోసం ఇచ్చే అదనపు వెడల్పు 0.6, పక్క కాలువ 0.6. మొత్తం 4.2 మీటర్ల దగ్గర కొండ మొదలవుతుంది. మీ 2.57 కట్ట మీదనే పడింది, అందుకే తవ్వకం అక్కర్లేదనిపించింది. నిజానికి మలుపు నడుమ ఇంకా 5.6 మీటర్లు లోపలికి తవ్వాలి, చివర్లకు వచ్చేకొద్దీ తగ్గుతుంది. డ్రైవరు కన్ను 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి కాలువ మట్టం దాకా కిందికి తవ్వనక్కర్లేదు, మెట్టులా వదలవచ్చు. ఆ మెట్టును రోడ్డుకు 0.6 మీటర్లకు మించి ఎత్తుగా ఉంచవద్దని నా పట్టు. ఒక్క వానాకాలం గడిస్తే దాని మీద తుప్పలు మోకాలి ఎత్తు పెరుగుతాయి.

అంత రాయి తవ్వలేకపోతే వేగం 20కి దించి, 40 మీటర్ల చూపుతో లెక్క తిరిగి వేయండి. సెట్‌బ్యాక్ 6.42కు, కొండ తవ్వకం 2.2 మీటర్లకు తగ్గుతాయి. ఆ వేగ పరిమితిని, హారన్ బోర్డును రిపోర్టులో స్పష్టంగా రాయాలి.

మిగిలినవి త్వరగా. మిశ్రమ రాకపోకల కోసం వేగంలో నాలుగింట మూడు వంతులకే సూపర్ ఎలివేషన్ ఇస్తాం. వేగం Vని గంటకు కిలోమీటర్లలో వేస్తే `V²/225R` ప్రకారం 9.3 శాతం. మంచు పడని కొండల్లో 10 శాతం దాకా ఇవ్వవచ్చు, మైదానపు 7 దగ్గర ఆగనక్కర్లేదు. పూర్తి వేగంతో చూసినా టైరు పట్టు మీద పడే భారం 0.07, అనుమతి 0.15. అదనపు వెడల్పుతో తారు 4.35 మీటర్లు, కాబట్టి బయటి అంచు లోపలి అంచు కంటే 40 సెంటీమీటర్లు ఎత్తు. వ్యాసార్థం 21 నుంచి 60 మీటర్ల దాకా ఒకే వరుసకు 0.6 మీటర్లు పెంచుతాం. కొండ రోడ్డులో దాన్నంతా లోపలి వైపే వేయడం మంచిది.

అభ్యాసం: వ్యాసార్థం 20 మీటర్లు, కోణం 120 డిగ్రీలు, వేగం 20, కొండ లోపలే. 20 మీటర్ల వరకు అదనపు వెడల్పు 0.9. ఈ మలుపును 1:200 స్కేలులో గీయండి. మధ్య గీత మీద ప్రతి 5 మీటర్లకు ఒక డ్రైవరును నిలబెట్టి, అక్కడి నుంచి మలుపు వెంట 40 మీటర్ల ముందున్న బండికి తిన్నని గీత గీయండి. ఆ గీతలన్నీ కలిసి కొండలోకి చెక్కిన అంచే మీ తవ్వకం. మధ్య గీత నుంచి దాని గరిష్ఠ దూరాన్ని సూత్రంతో సరిచూసి, రెండూ పది సెంటీమీటర్ల లోపు కలిసే దాకా గీయండి.